పది నిమిషాల ప్రెజెంటేషన్, ఎదురుగా ఎవరుంటారో తెలియని ప్యానెల్

ప్రశ్న: కస్టమర్ సపోర్ట్‌లో టీమ్ మేనేజర్ ఉద్యోగానికి చివరి రౌండ్‌కు పిలిచారు. "మా కస్టమర్ల ఫిర్యాదుల పరిష్కారానికి పట్టే సమయాన్ని మొదటి మూడు నెలల్లో మీరు ఎలా తగ్గిస్తారు?" అనే అంశం మీద పది నిమిషాల ప్రెజెంటేషన్ ఇవ్వాలట. మెయిల్ నిన్న రాత్రి వచ్చింది, ఇంటర్వ్యూ శుక్రవారం ఉదయం. ఇప్పుడున్న ఉద్యోగంలో సెలవు దొరకదు. చేతిలో ఉన్నవి మూడు సాయంత్రాలు, రోజుకు రెండేసి గంటలు. ప్యానెల్‌లో ఎవరుంటారో రాయలేదు. ఆ కంపెనీ లోపలి లెక్కలు నాకేమీ తెలియవు. నిన్ననే కూర్చుని పద్నాలుగు స్లైడ్లు చేశాను, ఒక్కటీ నచ్చలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం:

ఆ పద్నాలుగు స్లైడ్లను పక్కన పెట్టేయండి. ఈ మూడు సాయంత్రాల్లో మొదటి సాయంత్రం అసలు స్లైడ్లు తెరవకండి. ముందుగా చేయాల్సింది, మిమ్మల్ని పిలిచిన హెచ్‌ఆర్‌కు ఒక చిన్న మెయిల్ పంపడం. జవాబు రావడానికి వాళ్లకూ ఒక రోజు కావాలి కాబట్టి ఈ పని ఇప్పుడే అయిపోవాలి. ఇలా రాస్తే చాలు:

"శుక్రవారం ప్రెజెంటేషన్‌కు సిద్ధమవుతున్నాను. నాలుగు విషయాలు తెలిస్తే ఉపయోగపడుతుంది. పది నిమిషాల్లోనే ప్రశ్నలు కూడా ఉంటాయా, వాటికి వేరే సమయం ఉందా? ప్యానెల్‌లో ఎంతమంది, ఏయే విభాగాల నుంచి ఉంటారు? నా ల్యాప్‌టాప్ తెచ్చుకోవాలా, అక్కడి కంప్యూటరే వాడాలా? ఫైల్ ముందుగా పంపాలంటే ఎప్పటిలోగా పంపాలి?"

పేర్లు అడగకండి, విభాగాలు అడగండి. పేర్లు చెప్పడానికి చాలామంది వెనకాడతారు, విభాగాలు చెప్పడానికి అంతగా అభ్యంతరం ఉండదు. మీకు అవసరమైనది కూడా విభాగమే. జవాబు రాకపోతే ప్రశ్నలు ఆ పది నిమిషాల్లోనే ఉంటాయనీ, వాళ్ల కంప్యూటరే వాడాలనీ అనుకుని సిద్ధం కండి. అంచనా తప్పినా దానివల్ల మీకు నష్టం లేదు.

ఇప్పుడు అంశాన్ని ఒక కాగితం మీద రాసి, ఒక్కో మాట కింద గీత గీయండి. "పరిష్కారానికి పట్టే సమయం" అన్నారు. అంటే ఫిర్యాదు అందిన క్షణం నుంచి అది తీరిపోయేదాకా. కస్టమర్‌కు మొదటి జవాబు ఎంత త్వరగా వెళ్లిందన్నది వేరే కొలత, దాని గురించి మాట్లాడితే అడిగినదానికి జవాబు చెప్పనట్టే. "మొదటి మూడు నెలల్లో" అన్నారు. కొత్త సాఫ్ట్‌వేర్ కొనడం, పది మందిని చేర్చుకుని శిక్షణ ఇవ్వడం ఆ గడువులో ఫలితం ఇవ్వవు. మీ స్లైడ్లలో అవి ఉంటే గడువు మాటను మీరు చదవలేదని ప్యానెల్ అనుకుంటుంది. "మీరు ఎలా" అన్నారు. కాబట్టి ప్రతి అడుగులోనూ పని చేసేది మీరై ఉండాలి. "సంస్థలు ఇలా చేయాలి" అనే తరహా వాక్యాలు ఇందులో ఇమడవు.

ఇలాంటి ప్రెజెంటేషన్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. అభ్యర్థికి విషయం తెలుసు, కాబట్టి విషయం గురించి పాఠం చెబుతాడు. కస్టమర్ సేవ ఎందుకు ముఖ్యం, మంచి సేవకు అయిదు లక్షణాలు అంటూ సాగిపోతాడు. మీ పద్నాలుగు స్లైడ్లను ఒకసారి ఇలా పరీక్షించండి. అంశాన్ని "కస్టమర్లను ఎలా నిలుపుకుంటారు?" అని మారిస్తే ఎన్ని స్లైడ్లు అలాగే పనికొస్తాయి? అలా పనికొచ్చేవన్నీ అడిగిన ప్రశ్నకు జవాబు కానట్టే. నచ్చకపోవడానికి కారణం బహుశా అదే.

మొదటి సాయంత్రం మిగిలిన సమయమంతా ఒకే వాక్యం కోసం ఖర్చు పెట్టండి. ప్యానెల్‌లో ఒకరు బయటికి వెళ్లి, "అమ్మాయి ఏం చెప్పింది?" అని ఎవరైనా అడిగితే చెప్పే వాక్యం అది. మీ అంశానికి నేను ఇలా రాస్తాను: "ఫిర్యాదు మీద పని జరిగే సమయం తక్కువ, అది ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారడానికి వేచి ఉండే సమయం ఎక్కువ. అందుకని మొదటి మూడు నెలల్లో చేతులు మారడాన్ని తగ్గిస్తాను."

కంపెనీ లోపలి లెక్కలు తెలియకుండా ఇంత గట్టిగా ఎలా అనగలం అన్న సందేహం వస్తుంది. అంకెలు తెలియకపోయినా లెక్క కట్టే పద్ధతి తెలిస్తే అనవచ్చు. వేచి ఉండే వరుసల లెక్కలో లిటిల్ సూత్రం అని ఒకటుంది, జాన్ లిటిల్ 1961లో నిరూపించాడు. వచ్చే ఫిర్యాదులు, తీరే ఫిర్యాదులు దాదాపు సమానంగా ఉన్నంతవరకు, తీరకుండా ఉన్న ఫిర్యాదుల సంఖ్యను రోజుకు తీరే వాటి సంఖ్యతో భాగిస్తే ఒక్కో ఫిర్యాదుకు పట్టే సగటు రోజులు వస్తాయి. తీరనివి 400, రోజుకు తీరేవి 80 అనుకుందాం. సగటున 5 పనిదినాలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున 40 పనిగంటలు. అదే ఫిర్యాదు ముగ్గురి చేతులు మారి, ఒక్కొక్కరూ దాని మీద పావుగంట పనిచేశారనుకుంటే అసలు పని 45 నిమిషాలు. మిగతా 39 గంటలకు పైగా అది ఎవరో ఒకరి వరుసలో ఊరికే పడి ఉంది. అంకెలు కొంత అటూఇటూ అయినా ఈ తేడా మాయమైపోదు.

కానీ ఈ 400, ఈ 80 మీవి, వాళ్లవి కావు. వాటిని చెప్పే తీరులో ఏమాత్రం తడబడకూడదు. "మీ అంకెలు నాకు తెలియవు, లెక్క ఎలా కడతానో చూపడానికి 400 అనుకుంటున్నాను. చేరిన మొదటి వారంలో అసలు అంకెలు వేసి చూస్తాను. పని సమయమే ఎక్కువని తేలితే నా రెండో నెల ప్రణాళిక మారుతుంది." ఈ మూడు వాక్యాలు స్లైడ్ మీద ఉండనక్కర్లేదు, నోటితో చెప్పాలి. స్లైడ్ మీద మాత్రం లెక్క పక్కనే "ఊహించిన అంకెలు" అని స్పష్టంగా రాయండి. ఎక్కడో చదివిన సగటును కంపెనీ పరిస్థితిగా చూపిస్తే, అసలు అంకె తెలిసిన మనిషి ఎదురుగా కూర్చుని ఉంటాడు. అతను ఆ అంకె దగ్గరే ఆగిపోతాడు, మీరు తర్వాత చెప్పేది వినడు.

ఇక తెలియని ప్యానెల్ సంగతి. వ్యక్తులు తెలియకపోయినా కుర్చీలు ఊహించవచ్చు. ఈ స్థాయి ఉద్యోగానికి సాధారణంగా మీ పై అధికారి కాబోయే వ్యక్తి ఒకరు, ఈ పని లోతు తెలిసినవారు ఒకరు, హెచ్‌ఆర్ నుంచి ఒకరు, కొన్నిసార్లు ఫైనాన్స్ లాంటి పక్క విభాగం నుంచి ఒకరు ఉంటారు. పై అధికారి "ఈవిడ సోమవారం చేరితే ఏం చేస్తుంది?" అని చూస్తారు. లోతు తెలిసినవారు లెక్కలో బొక్క ఎక్కడుందని వెతుకుతారు. హెచ్‌ఆర్ వారు సమయపాలనా, మాటలో స్పష్టతా చూస్తారు. ఫైనాన్స్ వారికి కావాల్సింది దీనికి ఎంత ఖర్చు, ఎవరి మీద అదనపు భారం పడుతుంది అన్నది.

నలుగురి కోసం నాలుగు స్లైడ్లు చేస్తే ప్రతి స్లైడ్‌కూ ముగ్గురి దృష్టి జారిపోతుంది. దానికి బదులు మొదటి నిమిషాన్ని ఈ పనితో సంబంధం లేని మనిషికి కూడా అర్థమయ్యే మాటల్లో చెప్పండి. సాంకేతిక పదం తప్పనిసరైతే మొదటిసారి వాడినప్పుడే అర్థం కలిపేయండి: "ఎస్కలేషన్, అంటే కింది వారు తేల్చలేక పైవారికి పంపడం." తెలిసినవారికి ఇది విసుగనిపించదు, ఆ మాటకు పట్టేది కొన్ని సెకన్లే. ప్రతి అడుగు చివర ఖర్చు గురించి ఒక్క వాక్యం ఉండాలి. లోతైన లెక్కంతా చివర్లో, చూపించని స్లైడ్లలో ఉంచండి. అడిగినవారికి చూపిస్తారు, అడగకపోతే లేదు.

ఇంకొక జాగ్రత్త. ఇప్పుడున్న పద్ధతిని తయారుచేసిన మనిషి ఆ గదిలోనే ఉండే అవకాశం బాగా ఉంది. "మీ ప్రక్రియ నెమ్మదిగా ఉంది" అన్న వాక్యం అతనికి తగులుతుంది, పైగా దానికి మీ దగ్గర ఆధారమూ లేదు. "ఫిర్యాదు ఇక్కడ వేచి ఉంటుంది" అంటే తప్పు వరుసదవుతుంది, మనిషిది కాదు. పది నిమిషాల మాటలో "మీ" అన్న చోటల్లా ఒకసారి ఆగి సరిచూసుకోండి.

రెండో సాయంత్రం మొదటి గంట, స్లైడ్లు లేకుండానే మాట్లాడి ఫోన్‌లో రికార్డు చేయండి. ముందు రెండు నిమిషాలు మాట్లాడి ఎన్ని పదాలు వచ్చాయో లెక్కపెడితే మీ వేగం తెలుస్తుంది. ఇంగ్లిష్‌లో మాట్లాడేట్టయితే నిమిషానికి 130 పదాలు దాటకుండా ఉంటే వినేవారికి హాయిగా ఉంటుంది. పది నిమిషాలకు పది నిమిషాల మాట సిద్ధం చేయకండి. గదిలో స్లైడ్ తెరుచుకోవడం ఆలస్యమవుతుంది, మధ్యలో ఎవరో అడ్డు తగులుతారు, మీరే ఒక వాక్యం రెండుసార్లు చెబుతారు. ఎనిమిదిన్నర నిమిషాలకు, అంటే సుమారు 1,100 పదాలకు సరిపడా ఉంచండి. ప్రశ్నలు కూడా ఆ పదిలోనే అని జవాబు వస్తే, లేదా జవాబే రాకపోతే, ఆరు నిమిషాలకు దించండి.

ఆ ఎనిమిదిన్నరను నేనైతే ఇలా పంచుతాను. మొదటి నిమిషం జవాబు వాక్యం, దానికి ఒక్క ఉదాహరణ. పరిచయం వద్దు, మీ రెజ్యూమే వాళ్ల ముందే ఉంటుంది. సమయం కారిపోయే మొదటి చిల్లు ఆ పరిచయమే. తర్వాత రెండు నిమిషాలు 45 నిమిషాలు, 40 గంటల లెక్క. ఒకటిన్నర నిమిషం మొదటి నెల పని: తీరిపోయిన ఫిర్యాదుల్లో 100 తీసుకుని, ఒక్కోటి ఎవరి దగ్గరికి ఎప్పుడు వెళ్లింది, ఎప్పుడు బయటికి వచ్చింది అన్నది రాయడం. ఖర్చు మీ సమయం, టీమ్‌లో ఒకరి సమయం మాత్రమే. రెండున్నర నిమిషాలు రెండో నెల మార్పు, చివరి ఒకటిన్నర నిమిషం మూడో నెల కొలత.

రెండో నెల మార్పుకు ఎక్కువ సమయం ఇవ్వండి, మిమ్మల్ని తూచేది అక్కడే. ఉదాహరణకు ఆ 100లో 30 చిన్న మొత్తాల రీఫండ్ ఫిర్యాదులని తేలిందనుకుందాం. అవి పైవారి అనుమతి కోసమే ఆగుతున్నాయి. ఒక పరిమితి లోపు మొత్తాన్ని మొదట ఫిర్యాదు తీసుకున్న మనిషే తేల్చేయడానికి అధికారం ఇవ్వమని ప్రతిపాదిస్తారు. ఆ 30 అదే రోజు తీరి, మిగతా 70కి మునుపటిలా 5 రోజులే పట్టినా సగటు మూడున్నర రోజుల దగ్గరకు వస్తుంది. ఇక్కడ ఫైనాన్స్ వ్యక్తి తప్పక అడిగేది ఒకటుంది: అర్హత లేనివారికి కూడా డబ్బు తిరిగి ఇచ్చేస్తే? దానికి జవాబు అడగకముందే అదే స్లైడ్‌లో పెట్టండి. వారానికి అలా తేల్చిన రీఫండ్లలో 20 తీసి మీరే సరిచూస్తారు, తప్పులు ముందే అనుకున్న హద్దు దాటితే పరిమితి తగ్గిస్తారు. ఈ ఒక్క వాక్యం ఎదుటివారి సందేహాన్ని ముందుగా ఆలోచించారని చూపిస్తుంది.

మూడో నెల కొలతలో లోతు తెలిసిన వ్యక్తి పట్టుకునే లోపం ఒకటి ఉంది. తీరిన ఫిర్యాదుల సగటు ఒక్కటే చూపిస్తే, టీమ్ తేలికైనవన్నీ ముందు తీర్చేసి సగటును దించేయగలదు. కష్టమైనవి అడుగున పడి పాతబడతాయి, అవి తీరలేదు కాబట్టి సగటులోకి రానే రావు. అందుకని సగటు పక్కన ఇంకో రెండు అంకెలు పెట్టండి: పది రోజులు దాటినా తీరనివి ఎన్ని, తీరాయన్న తర్వాత మళ్లీ తెరుచుకున్నవి ఎన్ని. మొదటిది పాతబడిన వాటిని బయటపెడుతుంది, రెండోది తీరకుండానే మూసేసిన వాటిని పట్టిస్తుంది.

రెండో సాయంత్రం రెండో గంటలో స్లైడ్లు చేయండి. పైన చెప్పిన అయిదు భాగాలకు అయిదు స్లైడ్లు. శీర్షికలో "ప్రస్తుత పరిస్థితి" లాంటి ఖాళీ మాట కాకుండా పూర్తి వాక్యం రాయండి: "40 గంటల్లో పని జరిగేది 45 నిమిషాలే." శీర్షికలు మాత్రమే వరుసగా చదివితే మొత్తం వాదన అర్థం కావాలి. అర్థం కాకపోతే క్రమం తప్పినట్టు. అక్షరాలు 24 పాయింట్ల కన్నా చిన్నవి వద్దు. బొమ్మ ఒక్కటి చాలు, రెండో స్లైడ్‌లో: 40 గంటల పొడవైన పట్టీ, అందులో మూడు సన్నని ముక్కలకు మాత్రం ముదురు రంగు. రంగులు, కదిలే అక్షరాలు, అలంకారాల మీద సమయం పెట్టకండి. వేరే కంప్యూటర్‌లో ముందుగా చెదిరేవి అవే. "థ్యాంక్యూ" స్లైడ్ కూడా వద్దు. ప్రశ్నలు అడిగే పది పదిహేను నిమిషాలూ తెర మీద ఉండేది మీ చివరి స్లైడే కాబట్టి దాని పై వరసలో మీ జవాబు వాక్యం, కింద మూడు నెలల మూడు పనులు ఉండాలి.

వీటి తర్వాత చూపించని స్లైడ్లు మూడు: 100 ఫిర్యాదుల పరిశీలనకు వాడే పట్టిక నమూనా, లెక్కకు ఊహించిన అంకెల జాబితా, పని సమయమే ఎక్కువని తేలితే మీరు చేసే ప్రత్యామ్నాయం. ఈ మూడోది చాలామంది చేయరు. "మా దగ్గర పరిస్థితి అలా లేదు" అని ఎవరైనా అన్నప్పుడు మిమ్మల్ని కాపాడేది ఇదొక్కటే. అలా అన్నప్పుడు వాదించకండి. "అయితే సమయం ఎక్కువగా ఎక్కడ పోతోంది?" అని అడిగి, వచ్చిన జవాబును మీ పద్ధతిలో పెట్టి చూపించండి.

మూడో సాయంత్రం నిలబడి, గడియారం పెట్టుకుని మూడుసార్లు మొత్తం చెప్పండి, అంతకన్నా వద్దు. వాక్యాలు కంఠతా పట్టకండి. మధ్యలో ఎవరైనా ఆపితే కంఠతా పట్టిన మనిషికి తిరిగి అందుకోవడం కష్టం. మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం మాత్రం మాట పొల్లుపోకుండా వచ్చి ఉండాలి. చిన్న కాగితం మీద గడియారపు గుర్తులు రాసుకోండి: మూడో స్లైడ్ మూడో నిమిషంలో, నాలుగోది నాలుగున్నరకు, అయిదోది ఏడుకు. నాలుగో స్లైడ్‌కు వచ్చేసరికి అయిదున్నర దాటితే రీఫండ్ ఉదాహరణలో సగటు లెక్కను వదిలేసి ఫలితం మాత్రం చెప్పండి. గదిలోకి వెళ్లాక "అయిదు నిమిషాల్లో ముగించండి" అన్నారనుకోండి, మొదటి, రెండో, నాలుగో స్లైడ్లు చెప్పి అయిదోదాన్ని తెర మీద వదిలేయండి. వేగం పెంచి అన్నీ చెప్పడానికి మాత్రం ప్రయత్నించవద్దు, ఏదీ ఎవరికీ అందదు.

మధ్యలో ప్రశ్న వస్తే రెండు వాక్యాల్లో జవాబిచ్చి, "వివరం చివర్లో చూపిస్తాను" అని ముందుకు సాగండి. ఆ చివర్లో మర్చిపోకుండా, ప్రశ్న కాగితం మీద ఒక మాటలో రాసుకోండి. మీరు రాసుకోవడం అడిగినవారు చూస్తారు, వాళ్లకూ భరోసా. తప్పక వచ్చే ప్రశ్నలు మూడింటికి జవాబు గట్టిగా నోటితో చెప్పి చూసుకోండి. మూడు నెలల్లో సగటు కదలకపోతే ఏం చేస్తారు? అదనంగా ఒక్క మనిషిని కూడా ఇవ్వలేమంటే? టీమ్‌లో పాతవారు ఈ మార్పును ఇష్టపడకపోతే? మూడోదానికి "ఒప్పిస్తాను" అన్నది జవాబు కాదు. ఆ 100 ఫిర్యాదుల పరిశీలనను వాళ్లలో ఒకరి చేతే చేయిస్తాను, ఆలస్యం ఎక్కడుందో వాళ్ల నోటే వినిపిస్తాను అన్నది జవాబు.

ఫైల్‌ను రెండు రూపాల్లో ఉంచుకోండి, అసలు ఫైల్ ఒకటి, పీడీఎఫ్ ఒకటి. రెండూ పెన్‌డ్రైవ్‌లోనూ, మీ మెయిల్‌లోనూ ఉండాలి. చివరి స్లైడ్‌ను ప్యానెల్‌కు ఇవ్వడానికి అయిదారు కాపీలు ప్రింట్ తీసుకోండి. ప్రొజెక్టర్ పనిచేయకపోతే ఆ ఒక్క కాగితంతోనే మొత్తం చెప్పగలగాలి, మూడో సాయంత్రం ఆ మూడుసార్లలో ఒకసారి అలా చెప్పి చూడండి. ఆన్‌లైన్ అయితే మొత్తం తెర కాకుండా ప్రెజెంటేషన్ విండో మాత్రమే షేర్ చేయండి, మీ మెయిల్ నోటిఫికేషన్లు వాళ్లకు కనబడవు. పవర్‌పాయింట్ ప్రదర్శనలో ఉండగా స్లైడ్ సంఖ్య కొట్టి Enter నొక్కితే నేరుగా ఆ స్లైడ్‌కు వెళ్తుంది. చూపించని మూడు స్లైడ్ల సంఖ్యలు 6, 7, 8 అవుతాయి కాబట్టి, ఏ ప్రశ్నకు ఏ సంఖ్యో ఆ గడియారపు గుర్తుల కాగితం మీదే కింద రాసుకోండి.